కాఫీ పొడి ధర పెంచుతున్నాం: మా ఖాతాదారులకు బహిరంగ లేఖ

తెనాలి, 2025 మార్చి 1



ఏప్రిల్ 1 నుంచి మన కొట్లో కాఫీ పొడి ధర పెరుగుతోంది. మీలో ఎక్కువమంది తీసుకునే ఎనభై–ఇరవై కిలో 600 రూపాయల నుంచి 800 అవుతుంది. అరవై–నలభై 520 నుంచి 680 అవుతుంది. చికోరీ కలపని పొడి 680 నుంచి 930 అవుతుంది. పది, ఇరవై సర్దుబాటు చేసే పెంపు కాదిది. సుమారు మూడో వంతు. అంత పెంచేవాడు ముందు అంకె చెప్పి, తర్వాత కారణం చెప్పడం మర్యాద. అందుకే నాలుగు పేరాల ఉపోద్ఘాతం తర్వాత కాకుండా మొదటి ముక్కలోనే చెప్పేశాను.

కిలో పొడికి దాదాపు నూరు గ్లాసుల కాఫీ వస్తుంది, అంటే గ్లాసుకు పెరిగింది రెండు రూపాయలే అని రాయమని మా అబ్బాయి సలహా ఇచ్చాడు. లెక్క తప్పేమీ కాదు. కానీ మీరు గ్లాసు లెక్కన కొనరు, నెలసరి సరుకుల చీటీలో కొంటారు. నెలకు రెండు కిలోలు వాడే ఇంట్లో ఆ చీటీ మీద 400 రూపాయలు ఎక్కువ పడుతుంది. పింఛను మీద బతికే మాస్టారికి ఆ 400 ఎంతో నాకు తెలుసు. కాబట్టి ఆ రెండు రూపాయల మాట పక్కన పెట్టి, నా ఖాతా పుస్తకం మీ ముందు తెరుస్తాను. చదివి న్యాయమో అన్యాయమో మీరే తేల్చండి.

ఎనభై–ఇరవై కిలో పొడి తయారయ్యే లెక్క ఇది. అందులో 800 గ్రాములు కాఫీ, 200 గ్రాములు చికోరీ. కానీ 800 గ్రాముల వేగిన కాఫీ కావాలంటే 800 గ్రాముల పచ్చగింజ కొంటే చాలదు. పచ్చగింజలో పదో వంతుకు పైగా తేమ ఉంటుంది. వేపేటప్పుడు ఆ తేమ పోతుంది, పైపొట్టు ఊడిపోతుంది, గింజ లోపలిది కొంత పొగై పోతుంది. మన ఫిల్టరు కాఫీకి కావలసినంత ముదురుగా వేపితే నూటికి 18 పాళ్లు తరుగు. ఆ తరుగు కలుపుకుంటే 800 గ్రాములకు 975 గ్రాముల పచ్చగింజ కావాలి. కాస్త అటూ ఇటూగా కిలో అనుకోండి. కిలో పొడికి కిలో పచ్చగింజ. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతా లెక్కంతా తేలిక.

మనం వాడేది ప్లాంటేషన్ ఎ, పీబెర్రీ, చెరి సగం. కాఫీ పండులో మామూలుగా రెండు పలుకులు ఉంటాయి. కొన్నిట్లో ఒక్కటే పెరిగి బఠాణీలా గుండ్రంగా తయారవుతుంది, అదే పీబెర్రీ. గుండ్రం గింజ పెనంలో బాగా దొర్లి సమంగా వేగుతుంది కాబట్టి వేపేవాళ్లకు అదంటే మక్కువ. 2024 జనవరిలో ఈ రెండూ సగటున, లారీ కిరాయితో కలిపి, కిలో 380 రూపాయలకు నా గుమ్మంలో దిగాయి. అప్పుడు కిలో పొడికి గింజల ఖర్చు 370, చికోరీ 30, వేపుడు, మర, గ్యాసు, కరెంటు, జీతాలు, అద్దె, కవర్లు అన్నీ కలిపి 110. మొత్తం 510. అమ్మింది 600. మిగిలింది 90.

ఈ జనవరిలో అదే గింజ, అదే వ్యాపారి, అదే చిక్కమగళూరు వైపు సరుకు, కిలో 600 పడింది. ఇప్పుడు కిలో పొడికి గింజలే 585. చికోరీ 34, ఖర్చులు 120. మొత్తం 739. దీన్ని 600కి అమ్మితే కిలోకు 139 రూపాయలు నేనే ఎదురిచ్చి మీకు పంపినట్టు. ఇంతకాలం పాత ధరకే ఎలా ఇచ్చానంటారా, పచ్చగింజ పొడిలాంటిది కాదు, తేమ తగలకుండా గోనెబస్తాల్లో ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. కిందటి కాపులో కొన్న బస్తాలు ఇన్నాళ్లూ మిమ్మల్నీ నన్నూ కాపాడాయి. ఈ నెలాఖరుకు అవి పూర్తిగా అయిపోతాయి. పాత సరుకు దగ్గర పెట్టుకుని కొత్త ధర వేస్తున్నాడని ఎవరైనా అనుకుంటే, గోడౌనుకు వచ్చి బస్తాల మీది చీటీలు చూడవచ్చు.

739 పెట్టి 800కి అమ్మితే నాకు మిగిలేది 61. పాత 90 కాదు. నూటికి ఇంత అని లాభం వేసుకునే పద్ధతిలో పోతే ధర 870 పెట్టాలి. మా వ్యాపారంలో చాలామంది అలాగే పెడతారు, అది నేరమేమీ కాదు. కానీ గింజ ఖరీదు పెరిగినంత మాత్రాన నా శ్రమ పెరగలేదు. అదే పెనం, అదే మర, అదే కాటా. పెరిగిందల్లా పెట్టుబడి. యాభై కిలోల బస్తా 19,000 ఉండేది, ఇప్పుడు 30,000. నెలకు పది బస్తాలు వేపే కొట్టుకు లక్షా పదివేలు అదనంగా కావాలి, దానికి బ్యాంకు వడ్డీ. ఆ వడ్డీ, చిల్లర నష్టాలు ఆ 61లోనే సర్దుకుంటాను.

ఇక గింజ ధర ఎందుకిలా ఎగిరిందన్నది. కొట్టుకు వచ్చినవాళ్లలో సగంమంది నన్ను అడిగేది ఇదే: కాఫీ మన దేశంలోనే పండుతుంది కదా, ఎక్కడో బ్రెజిల్లో వానలు పడకపోతే మనకేమిటి? మంచి ప్రశ్న. ముప్ఫై అయిదేళ్ల కిందట అడిగి ఉంటే జవాబు వేరేగా ఉండేది. అప్పట్లో తోట యజమాని తన కాఫీని కాఫీ బోర్డుకే అప్పగించాలి. బోర్డు అంతా ఒకచోట కలిపి, ఎగుమతికి ఇంత, దేశంలో వాడకానికి ఇంత అని విడదీసి వేలం వేసేది. రైతుకు డబ్బు వాయిదాల మీద వచ్చేది, దాంతో ఆయనకు ఎప్పుడూ మంటే. తాగేవాళ్లకు మాత్రం బయటి గాలి అంతగా తగిలేది కాదు. 1990ల మొదట్లో ఆ కట్టడి సడలించడం మొదలై, 1996 నాటికి పూర్తిగా పోయింది. ఇప్పుడు చిక్కమగళూరు, కొడగు తోటల యజమాని తన సరుకు ఎవరికైనా అమ్ముకోవచ్చు. మన దేశపు కాఫీలో ఎక్కువ భాగం విదేశాలకే పోతుంది. ఇటలీ వాళ్లు మనకు పెద్ద బేరగాళ్లు. వాళ్లు 600 ఇస్తామంటుంటే తెనాలి కొట్టువాడికి 400కి ఎందుకిస్తాడు? ఆయన స్థానంలో ఉంటే నేనూ ఇవ్వను.

బయట జరిగింది ఇది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ కాఫీ పండించేది బ్రెజిల్, తర్వాత వియత్నాం. రోబస్టా రకంలో వియత్నాందే పైచెయ్యి. అక్కడ 2023–24లో ఎల్ నినో ఎండలకు నీళ్లు చాలక కాపు తగ్గింది. అప్పటికే చాలామంది రైతులు కాఫీ తీసేసి డురియన్ పండ్ల తోటలు వేసుకుని ఉన్నారు. 2024లో బ్రెజిల్‌ను దశాబ్దాల్లో ఎరగని కరువు పట్టింది. కాఫీ చెట్టుకు పూత సమయంలో వాన పడాలి, పడకపోతే ఆ ఏడు కాయ నిలవదు. ఇద్దరు పెద్దవాళ్లకూ ఒకేసారి దెబ్బ తగలడంతో లండన్ మార్కెట్లో రోబస్టా కిందటి సెప్టెంబరులో టన్ను 5,000 డాలర్లు దాటింది. న్యూయార్క్‌లో అరబికా డిసెంబరులో 1977 నాటి రికార్డును చెరిపేసింది. ఆ పాత రికార్డు కూడా వాతావరణం పెట్టిందే: 1975 జులైలో బ్రెజిల్లో పడ్డ మంచుకు తోటలకు తోటలే మాడిపోతే, దాని వేడి 1977 దాకా చల్లారలేదు. ఈ ఫిబ్రవరిలో న్యూయార్క్ ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. పౌనంటే 454 గ్రాములు. మన రూపాయల్లో కిలో 760 పైమాటే. మనం 600కి కొన్న గింజ జనవరి బేరం కాబట్టి ఆ మాత్రానికి వచ్చింది.

మన అరకు, పాడేరు, చింతపల్లి కొండల కాఫీ వాడవచ్చు కదా అని కూడా అడుగుతున్నారు. వాడాలనే నాకూ ఉంది, కొంత తెప్పించి వేపి చూస్తున్నాను. కానీ ధర కోసమైతే ఆ దారి మూసుకుపోయింది. అక్కడి గిరిజన రైతుల దగ్గర కొనే గిరిజన సహకార సంస్థ కూడా ఈ కాపుకు కొనుగోలు ధర పెంచింది. పెంచడమే సబబు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య, వాలు మీద నిలబడి ఒక్కొక్క ఎర్రపండూ ఏరే పని ఎలాంటిదో చూసినవాడెవడూ ఆ డబ్బు ఎక్కువంటాడని నేననుకోను. ఏళ్ల తరబడి గిట్టుబాటు కాని ధరకు అమ్ముకున్న రైతుకు ఒక్క కాపులో నాలుగు రాళ్లు కనపడితే దాన్ని తప్పుపట్టి మీకు ఉత్తరం రాసే మొహం నాకు లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ధర పెంచకుండా ఉండే దారులు నాకు లేకపోలేదు. నాలుగు ఉన్నాయి. అవన్నీ కాగితం మీద వేసి చూసిన తర్వాతే పెంచాలని నిర్ణయించాను. ఈ నాలుగూ మీకు తెలియడం మంచిది, ఎక్కడ కొన్నా పనికొస్తాయి.

మొదటిది చికోరీ. అది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. మన దేశంలో ఎక్కువగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. వేరును ముక్కలు చేసి ఎండబెట్టి వేపుతారు. డికాక్షన్‌కు చిక్కదనం, నలుపు, కాస్త తీపి ఇస్తుంది. కాఫీలో మనల్ని నిద్రలేపే గుణం మాత్రం అందులో చుక్క కూడా లేదు. చికోరీ పడితేనే కాఫీ అనే ఇళ్లు తెనాలిలో బోలెడు, అది రుచికి సంబంధించిన విషయం, దానికి వంక పెట్టను. కానీ ధర దగ్గర చూడండి. కిలో వేగిన కాఫీ తయారవడానికి గింజలకే ఇప్పుడు 730 రూపాయలు అవుతుంటే, చికోరీ 170. అందుకే చెయ్యి అటు పోతుంది. నేను లెక్క వేశాను: ఎనభై–ఇరవైని చప్పుడు చేయకుండా అరవై–నలభై చేసినా నా ఖర్చు 627, పాత 600కి అప్పటికీ గిట్టదు. 600 ధర నిలబెట్టాలంటే కాఫీని 51 పాళ్లకు దింపాలి, అప్పుడు ఖర్చు 576 అవుతుంది. కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 పాళ్లకు తగ్గకూడదు, ఏది ఎంతో ప్యాకెట్ మీద రాయాలి అని ఆహార భద్రత నిబంధన. అంటే పాత ధరకు పొడి దొరకాలంటే చట్టం ఒప్పుకునే చిట్టచివరి మెట్టు మీదికి దిగాలన్న మాట. ఫలానా కంపెనీ పొడి ఇంకా 600కే వస్తోందే అని మీరు చూపించే ప్యాకెట్లను ఇకమీద వెనక్కి తిప్పి చదవండి. కాఫీ 53, చికోరీ 47 అని చాలా వాటి మీద ఉంటుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మనం చదవడం లేదు.

రెండోది గింజ మార్చడం. ప్లాంటేషన్ ఎ బదులు సన్నగింజ, విరిగిన గింజ, నల్లబడిన గింజ కలపవచ్చు. మరాడించాక కంటికి తేడా కనపడదు. నోటికి తెలుస్తుంది: కాఫీ చల్లారాక కట్టెముక్క నమిలినట్టు ఒక చేదు మిగులుతుంది. రోబస్టా కలపడం ఇంతకంటే గౌరవమైన పని, అది దానికదే మంచి కాఫీ, డికాక్షన్ గట్టిగా దిగుతుంది. కాకపోతే ఒకప్పుడు అరబికాలో సగానికి దొరికే రోబస్టా ఈ రెండేళ్లలో తనూ ఎగబాకింది. పాత చిట్కా పనిచేయడం మానేసింది.

మూడోది వేపుడు. దీన్ని బయటివాళ్లు ఊహించలేరు. పెనంలోంచి గింజను రెండు నిమిషాలు ముందు దించేస్తే తరుగు 18 నుంచి 15కు తగ్గుతుంది. కిలో పొడికి 34 గ్రాముల గింజ మిగులు, అంటే 20 రూపాయలు. నెలకు నాలుగైదు వందల కిలోలు ఆడే కొట్టుకు ఎనిమిది నుంచి పదివేలు. రంగు తగ్గితే చికోరీ కప్పిపుచ్చుతుంది. అయితే పాలల్లో పోసినప్పుడు కాఫీ పలచగా, కొద్దిగా పులుపుగా ఉంటుంది. ఇంట్లో ఇల్లాలు పాలవాణ్ని అనుమానిస్తుంది, కొట్టువాణ్ని కాదు. పాపం పాలవాడికి చుట్టుకునే పాపం నాకెందుకు?

నాలుగోది ప్యాకెట్టు. ఇది ఈ రోజుల్లో బిస్కెట్ల దగ్గర్నుంచి సబ్బుల దాకా అందరూ చేస్తున్నదే. 300 రూపాయల అరకిలో ప్యాకెట్టును 400 గ్రాములు చేసి అదే 300కి అమ్మితే, కిలో 750 పడుతుంది. బరువు అచ్చులో ఉంటుంది కాబట్టి నేరం కాదు. చాలామంది రెండు, మూడు నెలల దాకా గమనించరు, మొన్న తెచ్చిన పొడి అప్పుడే అయిపోయిందేమిటి అనుకుంటారు. ధర పెంచినప్పుడు కొనేవాడికి ఎంచుకునే అవకాశం ఉంటుంది: తగ్గించి కొనవచ్చు, మానవచ్చు, పక్క కొట్టుకు పోవచ్చు. బరువు తగ్గించినప్పుడు ఆ అవకాశం లేదు. నేను ధర పెంచడం వల్ల మీలో కొందరిని పోగొట్టుకుంటానని తెలుసు. నమ్మి కొన్న సరుకు మారిపోయిందని తర్వాత తెలిసి వెళ్లిపోయేవాళ్లు మాత్రం మళ్లీ రారు. వ్యాపారంగా చూసినా ఇదే మేలు.

కాబట్టి పాళ్లు మారవు, గింజ మారదు, వేపుడు మారదు, ప్యాకెట్టు మారదు. మారేది ధర ఒక్కటే.

పెరిగిన ధర మళ్లీ దిగుతుందా? దిగాలి, ఎప్పుడో చెప్పలేను. ఈ ధర చూసి ఇవాళ ఎవరైనా కాఫీ మొక్క నాటినా కాపు చేతికి రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. బ్రెజిల్ కోతలు మే నుంచి మొదలవుతాయి, వియత్నాం కోతలు అక్టోబరు నుంచి. అవి బాగుంటే గాలి మారవచ్చు. పైకెక్కిన ధర కిందికి దింపిన కొట్టువాణ్ని మీరెప్పుడూ చూసి ఉండరు, నేనూ పెద్దగా చూడలేదు, అందుకని ఊరికే మాటివ్వకుండా లెక్క కట్టి చెబుతున్నాను. ఎనభై–ఇరవైలో కిలో పొడికి కిలో పచ్చగింజ అన్నాను కదా. కాబట్టి గింజ ధర కిలోకు పది రూపాయలు మారితే పొడి ధరా దాదాపు పదే మారాలి. నేను కొనే గింజ 500కి దిగిన నాడు పొడి 700 అవుతుంది. అరవై–నలభైలో గింజ వాటా తక్కువ కాబట్టి అక్కడ పదికి ఏడు చొప్పున తగ్గుతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున, ఆ ముందు నెలలో నేను గింజ కొన్న ధర కాటా పక్కన నల్లబల్ల మీద రాస్తాను. బిల్లు అడిగినవాళ్లకు చూపిస్తాను. అటు గింజ పెరిగితే? 650 దాకా సెప్టెంబరు 30 వరకు ఆ భారం నాదే, పొడి ధర కదపను. ఆ పైన పెరిగితే కనీసం పదిహేను రోజుల ముందు చెబుతాను.

ఈ నెల సంగతి. మార్చి 31 రాత్రి కొట్టు కట్టేదాకా పాత ధరే. అయితే ఇంటికి రెండు కిలోలు మించి ఇవ్వలేను, దయచేసి పట్టుబట్టకండి. పాత గింజ అందరికీ రావాలి. పొడి పోగుచేయడం మీకూ లాభం కాదు. ఆడించిన కాఫీ వాసన రెండు, మూడు వారాల్లో సగం పోతుంది, తక్కువ ధరకు కొన్న వాసన లేని పొడి ఇంట్లో మూలుగుతుంది. నిల్వ ఉంచుకోవాలనుకుంటే వేపిన గింజ తీసుకెళ్లండి, అది కాస్త ఎక్కువ రోజులు ఆగుతుంది. ఎప్పటికప్పుడు తెస్తే మర ఆడించి ఇస్తాం, దానికి విడిగా డబ్బు తీసుకోం. ఏడాదికి సరిపడా ముందే డబ్బు కట్టినవాళ్లు కొందరున్నారు. ఆ డబ్బు ఉన్నన్నాళ్లూ వాళ్లకు పాత ధరే. హోటళ్లకు, మెస్‌లకు, క్యాంటీన్లకు ఏప్రిల్ 30 దాకా పాత ధర ఉంచుతున్నాను. గోడ మీది ధరల పట్టీ మార్చుకోవడానికి, వాళ్ల ఖాతాదారులకు వాళ్లు చెప్పుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. హైదరాబాదుకు, బెంగళూరుకు కొరియర్‌లో పంపించుకునేవాళ్లకు పార్శిలు చార్జీ మారదు.

చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లు మొహమాటపడవద్దు. నూరు గ్రాముల పొట్లం కడతాం, కిలో లెక్కనే, పొట్లం చిన్నదని ధర ఎక్కువ వేయం. డెబ్బై–ముప్ఫై అడిగినా కలిపి ఇస్తాం, కిలో 740. రుచిలో తేడా ఉంటుంది కానీ అందరూ పట్టుకోలేరు. పావుకిలో తీసుకెళ్లి ఇంట్లో చెప్పకుండా కలిపి చూడండి.

ఉన్న పొడిని పొదుపుగా వాడుకునే సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో పొడి సారం సగం పిప్పిలోనే పోతోంది. ఫిల్టరు పైగిన్నెను ముందు వేడినీళ్లతో ఒకసారి తొలిచి తుడవండి. పొడి వేసి గిన్నెను చిన్నగా తట్టి సమం చేయండి, గొడుగు బిళ్లతో గట్టిగా అదమవద్దు. అదిమితే నీళ్లు ఒక పక్క నుంచి దారి చేసుకుని దిగిపోతాయి. నీళ్లు తెర్లాక దించి, అరనిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత మాత్రమే పోయండి. పొడి పొంగి కుదురుకున్నాక మిగతాది పోయండి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో దిగితే సరైన మర. ఐదు నిమిషాల్లో దిగిపోతే పొడి మరీ బరకగా ఉన్నట్టు, గంటైనా దిగకపోతే మరీ మెత్తగా ఉన్నట్టు. ఆ రెండింట్లో ఏది జరిగినా డబ్బా పట్టుకు రండి, మీ ఫిల్టరుకు తగ్గట్టు ఆడిస్తాం. డబ్బా స్టీలుదైనా గాజుదైనా మూత బిగువుగా ఉండాలి, తడి చెంచా పెట్టకూడదు. ఇలా చేస్తే మూడు చెంచాల చోట రెండున్నర చెంచాలకే అదే చిక్కదనం వస్తుంది. పెరిగిన ధరలో సగమైనా అక్కడ తిరిగొస్తుంది.

ఈ లెక్కలో ఎక్కడైనా తేడా కనిపిస్తే కొట్టుకు వచ్చి ముఖాన అడగండి, పదిమందిలో అడిగినా సరే. కొత్త ధర మీకు కుదరక వేరేచోట కొనుక్కుంటే దానికీ నొచ్చుకోను. మానేశారేం అని దారిలో నిలదీయను. నేను మిమ్మల్ని కోరేది ఒక్కటి. ధర గురించి నన్ను ఎంతైనా కోప్పడండి, పొడి గురించి మాత్రం అనుమానం దాచుకోవద్దు. దానికి నా మాట నమ్మనక్కరలేదు, పరీక్ష మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. గాజుగ్లాసులో చన్నీళ్లు పోసి, చిటికెడు పొడి పైన చల్లండి. కాఫీ పైన తేలుతుంది. చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ కిందికి దిగుతుంది. మన పొడి ఇప్పుడొకసారి చల్లి ఎంత దిగిందో చూసి పెట్టుకోండి, ఏప్రిల్ తర్వాత మళ్లీ చల్లి చూడండి. అంతకంటే ఎక్కువ దిగితే ఆ పొడి తిరిగి తెచ్చి ఇచ్చేయండి, కొన్న డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను.

ఇట్లు,
మీ కాఫీ కొట్టు యజమాని